విభాగ సమాకలనంలో v ఎంచుకుంటే ∞ − ∞ వస్తోంది, ఎందుకు?

కౌంటర్ దగ్గర నిరీక్షణ కాలం T (నిమిషాల్లో) ఘాతీయ విభాజనం అనుకుందాం. సాంద్రత f(t) = (1/5)e^(−t/5), t ≥ 0. 8 నిమిషాలకు మించి ఆగాల్సి వచ్చే సంభావ్యత తేలికే: 8 నుంచి ∞ వరకు సమాకలనం చేస్తే e^(−8/5) ≈ 0.202.

చిక్కంతా సగటు దగ్గరే. u = t, v = −e^(−t/5) తీసుకుంటే −t·e^(−t/5) రెండు కొసల్లోనూ సున్నా అయిపోయి, మిగిలిన ∫e^(−t/5)dt విలువ 5 వస్తుంది. కానీ v అంటే f కి ప్రతిఅవకలజమే కదా అని v = 1 − e^(−t/5) పెడితే మొదటి పదమూ అనంతమే, తీసేయాల్సిన సమాకలనమూ అనంతమే. పై హద్దును N దగ్గర ఆపి లెక్కిస్తే మాత్రం N లు కొట్టేసుకుపోయి 5 − (N+5)e^(−N/5) మిగులుతుంది. N పెరిగేకొద్దీ అది 5 కే చేరుతుంది. కాబట్టి v తప్పు కాదు, ముక్కలకు విడివిడిగా అవధి తీసుకోవడమే తప్పు. ఇంతవరకు స్పష్టమే.

తెలిసినవాళ్లు చెప్పాల్సింది ఇది: ఘాతీయం కాని సాంద్రతకు కూడా, సగటు పరిమితమైతే చాలు, t·P(T>t) సున్నాకు పోతుందా? లోపితాల్ సూత్రం వాడకుండా, ఇంటర్ విద్యార్థికి అర్థమయ్యే నిరూపణ ఉంటే దయచేసి రాయండి.