రాడార్, శాటిలైట్ ఉన్నాక కూడా ఓడలు మంచుకొండల కోసం చుట్టు తిరగాలా?

కార్గో_హైదరాబాద్: యూరప్ నుంచి అమెరికా తూర్పు తీరానికి సరుకు పంపే వ్యవహారాలు చూస్తుంటాను. ఏప్రిల్, మే వచ్చాయంటే కెనడాలోని న్యూఫౌండ్లాండ్ దగ్గర, మంచుకొండలు ఇక్కడిదాకా రావచ్చని మ్యాపులో గీసే గీత, అంటే ఐస్ లిమిట్, ఉందని ఓడ దక్షిణంగా చుట్టు తిరిగి వస్తుంది. ఇప్పుడు ప్రతి ఓడలో రాడార్ ఉంది, పైన శాటిలైట్లు ఉన్నాయి. ఇంకా టైటానిక్ నాటి భయంతో ఇంధనం తగలేయడం అవసరమా?

రవికోడ్: నన్నడిగితే అవసరం లేదు. రాడార్ శాటిలైట్లకు మేఘాలు అడ్డం కావు, చీకటి అడ్డం కాదు. సెంటినల్-1 ఫోటోలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. తెల్లటి చుక్క కనిపిస్తే అది మంచుకొండ, దాని పక్కనుంచి వెళ్లిపోవచ్చు. అంతంత దూరం తిరగడం పాత అలవాటు, అంతే.

సెకండ్‌మేట్_వైజాగ్: రవి గారూ, మేఘాలు, చీకటి గురించి మీరన్నది నిజమే. మంచుకొండల మీద నిఘా పెట్టి ఆ గీత గీసే ఐస్ పెట్రోల్ వాళ్లు కూడా ఇప్పుడు విమానాల కంటే శాటిలైట్ల మీదే ఎక్కువగా ఆధారపడుతున్నారు. కానీ ఆ శాటిలైట్ ప్రతి చోటికీ ప్రతి రోజూ రాదు. సెంటినల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబరులో పాడైపోయాక కొన్నేళ్లపాటు ఆ ఖాళీ ఇంకా ఎక్కువగా ఉండేది. పైగా చుక్క కనిపించినంత మాత్రాన అది మంచే అనడానికి లేదు. న్యూఫౌండ్లాండ్‌కు ఆనుకుని లోతు తక్కువగా ఉండే గ్రాండ్ బ్యాంక్స్ సముద్రం మీద చేపల పడవలు చాలా తిరుగుతుంటాయి, ఫోటోలో అవీ చుక్కలే.

మా ఓడ మాంట్రియల్‌కు ఎక్కువగా వెళ్తుంది, అందుకని ఓడను నడిపే బ్రిడ్జ్ మీద జరిగేది చెబుతాను. పెద్ద మంచుకొండ వల్ల మాకు పెద్దగా టెన్షన్ ఉండదు. అది రాడార్‌లో చాలా మైళ్ల ముందే పడుతుంది. భయమంతా గ్రౌలర్ అనే చిన్న మంచు ముక్కతోనే. నీటి మీద మీటరు కూడా లేవదు, పొడవు ఐదు మీటర్ల లోపు. కానీ మంచులో ఎనిమిదో వంతే పైకి తేలుతుంది, మిగతాదంతా కింద. ఐదు మీటర్ల ఘనం అనుకుని లెక్క వేయండి, నూరు టన్నులు దాటుతుంది. గాలి బుడగలు పోయిన పాత మంచైతే తెల్లగా కూడా ఉండదు. అద్దంలా, ఒక్కోసారి నల్లగా కనిపిస్తుంది. రాత్రిపూట అలల మధ్య దాన్ని కంటితో పట్టుకోవడం చాలా కష్టం.

రాడార్ సంగతికి వద్దాం. ఉక్కుతో పోలిస్తే మంచు రాడార్ తరంగాన్ని చాలా తక్కువగా తిప్పి పంపుతుంది. సముద్రం కాస్త లేచిందంటే ఓడ చుట్టూ రెండు మూడు మైళ్ల మేర స్క్రీన్ అంతా అలల మెరుపులే. దాన్నే క్లట్టర్ అంటాం. అది తగ్గించడానికి నాబ్ తిప్పితే అలలతో పాటు గ్రౌలర్ కూడా మాయమవుతుంది. తిప్పకపోతే అలల్లోనే దాక్కుంటుంది. ఆ మధ్యలో ఎక్కడ ఆపాలో ప్రతి వాచ్ డ్యూటీలోనూ కొత్తగా చూసుకోవాల్సిందే. అదృష్టం బాగుండి అర మైలు దూరంలో కనిపించిందే అనుకోండి. 14 నాట్ల వేగం అంటే నిమిషానికి సుమారు 430 మీటర్లు. మన చేతిలో ఉండేది రెండు నిమిషాలు. నిండా లోడున్న బల్క్ క్యారియర్ ఆ దూరంలో ఆగదు.

సుజాత_రాజమండ్రి: మా తమ్ముడు అంటార్కిటికాలో భారతి స్టేషన్‌కు వెళ్లే టీంలో ఉన్నాడు. అక్కడ ఓడ మంచును చీల్చుకుంటూ వెళ్తుందని చెప్పాడు. మంచును చీల్చే ఓడలు ఉన్నప్పుడు అవే అన్ని చోట్లా వాడితే సరిపోతుంది కదా? చుట్టు తిరగడం ఎందుకు?

మెమోరియల్_పీహెచ్‌డీ: సుజాత గారూ, మీ తమ్ముడు చెప్పింది సముద్రపు మంచు గురించి. అది సముద్రపు నీరే గడ్డకట్టడం. ఉప్పు ఉండటం వల్ల సున్నా దగ్గర కాదు, దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి పోతుంది, కొంత మాత్రం లోపలే చిన్న చిన్న పాయల్లో చిక్కుకుంటుంది. అందుకే మొదటి ఏడాది మంచు కాస్త మెత్తగా ఉంటుంది, మందం రెండు మీటర్లు దాటడం అరుదు. మంచులో నడిచేలా గట్టిగా కట్టిన ఐస్ క్లాస్ ఓడ చీల్చేది దీన్నే. వేసవిని దాటుకుని నిలిచిన మంచులో ఉప్పు కారిపోతుంది, అది చాలా గట్టిపడుతుంది. మంచుకొండ సంగతి పూర్తిగా వేరు. వేల ఏళ్లు మంచు కురిసి, పేరుకుని, నొక్కుకుపోయిన హిమనదం నుంచి విరిగిపడిన ముక్క అది.

ఐస్ క్లాస్ ఉంటే చాలనుకోవడానికి లేదని 2007 నవంబరు చెప్పింది. ఎక్స్‌ప్లోరర్ అనే పర్యాటక ఓడ మంచు సముద్రాల కోసమే కట్టింది. అంటార్కిటికా దగ్గర బ్రాన్స్‌ఫీల్డ్ జలసంధిలో రాత్రిపూట మంచులోకి వెళ్లి, అడుగు చిరిగి మునిగిపోయింది. కెప్టెన్ దాన్ని మొదటి ఏడాది మంచు అనుకున్నాడని, నిజానికి అది అంతకంటే గట్టిదని దర్యాప్తు తేల్చింది. సముద్రం ప్రశాంతంగా ఉండటం, దగ్గర్లో వేరే ఓడలు ఉండటం వల్ల 154 మందీ బతికారు. మీ తమ్ముడి ఓడను మంచు తెలిసినవాళ్లు నడుపుతారు, వేగం బాగా తగ్గించి వెళ్తారు. సరుకు ఓడల్లో ఎక్కువ వాటికి అంత మందం రేకు ఉండదు.

కార్గో_హైదరాబాద్: సరే, గ్రౌలర్ ప్రమాదం అర్థమైంది. కానీ ప్రపంచం వేడెక్కుతోంది కదా, మంచుకొండలు తగ్గిపోవాలి. అప్పుడు గీత కూడా ఉత్తరానికి జరగాలి.

మెమోరియల్_పీహెచ్‌డీ: నేను పనిచేసేది దీని మీదే, కాస్త వివరంగా చెప్పనివ్వండి. గ్రాండ్ బ్యాంక్స్‌కు వచ్చే కొండల్లో ఎక్కువ భాగం పశ్చిమ గ్రీన్‌లాండ్‌వి. ఇలులిస్సాట్ దగ్గరి హిమనదం లాంటి చోట్ల విరుగుతాయి. విరగ్గానే దక్షిణానికి రావు. తీరం వెంట ప్రవాహం వాటిని ముందు ఉత్తరానికి మోసుకెళ్తుంది. బాఫిన్ బేలో చుట్టు తిరిగి కెనడా వైపు దిగి, లాబ్రడార్ ప్రవాహం పట్టుకుని కిందికి వస్తాయి. ఏడాది పట్టొచ్చు, మూడేళ్లు పట్టొచ్చు. చాలావరకు దారిలోనే అయిపోతాయి.

ఆ దారిలో కొండను కాపాడేది సముద్రపు మంచే. చుట్టూ మంచు పరచుకుని ఉన్నంతకాలం అలలు కొండను తాకవు. మంచు లేకపోతే అలలు నీటిమట్టం దగ్గర గాడి కోస్తాయి, పైనున్న భాగం ఊడిపడుతుంది, కొండ దొర్లుతుంది, మళ్లీ విరుగుతుంది. కాబట్టి లాబ్రడార్ దగ్గర సముద్రపు మంచు తగ్గిన ఏడాది దక్షిణానికి వచ్చే కొండలు తగ్గే అవకాశం ఉంది. మీ మాటలో నిజం అక్కడ ఉంది. అయితే అటు గ్రీన్‌లాండ్‌లో విరగడం పెరిగితే లెక్క మారిపోతుంది. గాలి తీరం వైపు వీస్తే కొండలు ఒడ్డుకు తగిలి ఆగిపోతాయి, సముద్రం వైపు వీస్తే ఓడల దారిలోకి వస్తాయి.

48 డిగ్రీల అక్షాంశం దాటిన కొండల్ని ఐస్ పెట్రోల్ ఏటా లెక్కపెడుతుంది. 1966లో ఒక్కటీ దాటలేదు. 1984లో 2,202 దాటాయి. 2019లో 1,515. 2021లో ఒకటే. ఇంత ఊగిసలాట ఉన్నప్పుడు సగటు చూసుకుని దారి గీయలేం. ఆ ఏడాది గీత ఆ ఏడాదిదే.

లెక్కలమాస్టారు: ఒక సందేహం. 1914 నుంచి ఐస్ పెట్రోల్ గీతను పాటించిన ఏ ఓడా మంచుకొండను గుద్ది మునగలేదని వాళ్లు గర్వంగా చెబుతారు. మంచు లేని చోట నడిచిన ఓడ మంచును గుద్దకపోవడం సహజమే కదా. గీత లోపలికి వెళ్లిన ఓడలు ఎన్ని, వాటిలో దెబ్బతిన్నవి ఎన్ని అన్నది తెలిస్తేనే ఆ గీత ఎంత మేలు చేసిందో చెప్పగలం. గీత మరీ దక్షిణంగా ఉందేమో అన్న కార్గో గారి అనుమానాన్ని ఈ రికార్డు కొట్టిపారేయలేదు.

సెకండ్‌మేట్_వైజాగ్: మాస్టారూ, ఆ మాట ఒప్పుకుంటాను. రికార్డు ఒక్కటే చాలదు. కానీ ఆ నిఘా లేని చోట ఏం జరిగిందో చూడండి. 1959 జనవరి 30న డెన్మార్క్ ఓడ హాన్స్ హెడ్‌టాఫ్ట్ గ్రీన్‌లాండ్ నుంచి తిరుగు ప్రయాణంలో ఉంది. కొత్త ఓడ, అదే తొలి ప్రయాణం, రాడార్ కూడా ఉంది. గ్రీన్‌లాండ్ దక్షిణ కొన కేప్ ఫేర్‌వెల్ దగ్గర మంచుకొండను గుద్దామని వైర్‌లెస్‌లో చెప్పింది, ఆ తర్వాత మునిగిపోతున్నామంది. 95 మందిలో ఒక్కరూ దొరకలేదు. కొన్ని నెలల తర్వాత ఐస్‌లాండ్ తీరానికి ఓడలో ఉండే లైఫ్‌బాయ్ ట్యూబ్ ఒకటి కొట్టుకొచ్చింది, అంతే.

మెమోరియల్_పీహెచ్‌డీ: ఈ మధ్యదే ఇంకొకటి ఉంది. 2017 మార్చిలో న్యూఫౌండ్లాండ్‌కు దూరంగా సీరోజ్ అనే చమురు ఓడ దగ్గరికి ఒక మంచుకొండ వచ్చింది. అది రోజూ కాపలా ఉండే చోటు. కొండ వస్తోందని అందరికీ తెలుసు. అంత దగ్గరికి వస్తే గొట్టం విడదీసి పక్కకు తప్పుకోవాలని వాళ్ల ప్లానే చెబుతోంది. తప్పుకోలేదు. కొండ 180 మీటర్ల దూరం దాకా వచ్చింది. తగల్లేదు గానీ, 2018 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఆ ఓడ పనిని ఆపేసింది. చూడటం ఒక పని, అది ఎటు వెళ్తుందో చెప్పడం ఇంకో పని, చెప్పాక కదలడం మూడో పని. కొండ కిందిభాగం లోతు ప్రవాహాన్ని బట్టి నడుస్తుంది, పైభాగాన్ని గాలి తోస్తుంది. ఆ కింది ఆకారం శాటిలైట్‌కు కనిపించదు. గంటకు ఒక నాటికల్ మైలు చొప్పున కదిలినా రోజుకు 24 మైళ్లు. మూడు రోజుల కిందటి ఫోటోతో దారి వేసుకుంటే ఏమవుతుందో ఊహించండి. ఐస్ పెట్రోల్ గీతలో ఆ తెలియనితనానికి కూడా చోటు పెడతారు, అందుకే అది కొండల కంటే చాలా కిందికి ఉంటుంది.

కార్గో_హైదరాబాద్: మరి గీత లోపలికి వెళ్లడం చట్టవిరుద్ధమా? పగటిపూట, మబ్బు లేకుండా ఉంటే కొంత కోసుకుని పోవచ్చా?

సెకండ్‌మేట్_వైజాగ్: నిషేధం లేదండీ. సీజన్‌లో ఆ ప్రాంతం దాటే ఓడ ఐస్ పెట్రోల్ సమాచారాన్ని వాడుకోవాలని ఓడల భద్రత మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ చెబుతుంది. దారి మాత్రం కెప్టెన్ నిర్ణయం. మాంట్రియల్ ఓడలకు ఎలాగూ మంచు దాటక తప్పదు, అది సెయింట్ లారెన్స్ గల్ఫ్ లోపలే ఉంటుంది కాబట్టి. మేం వెళ్లేటప్పుడు వేగం తగ్గిస్తాం, ముందుభాగంలో మనిషిని పెడతాం, కొండ కనిపిస్తే గాలి వచ్చే వైపు నుంచి దాటుతాం. దాని నుంచి ఊడిన చిన్న ముక్కల్ని గాలి అవతలి వైపుకు తోసేస్తుంది.

మీ లెక్క ఒకసారి వేద్దాం. చుట్టు తిరగడం 150 మైళ్లు ఎక్కువ అనుకోండి. 14 నాట్ల దగ్గర దాదాపు 11 గంటలు. లోపలి నుంచి వెళ్తూ రాత్రి, పొగమంచులో 6 నాట్లకు తగ్గించారనుకోండి. ఎనిమిది గంటలు అలా నడిస్తే 64 మైళ్లు పోయినట్టే, అంటే నాలుగున్నర గంటలకు పైనే. రెండు రాత్రులైతే మీరు మిగుల్చుకుందామన్న సమయం చాలావరకు అక్కడే కరిగిపోతుంది. గ్రాండ్ బ్యాంక్స్‌లో చల్లటి లాబ్రడార్ ప్రవాహం, వేడి గల్ఫ్ స్ట్రీమ్ కలుస్తాయి. ఏప్రిల్, మేలలో అక్కడ పొగమంచు లేని రోజును నమ్ముకుని ప్లాన్ వేయలేం.

లెక్కలమాస్టారు: 150 మైళ్లైతే మీ లెక్క ఒప్పు. 300 అయితే? గీత బాగా దక్షిణానికి దిగిన ఏడాది ఒకటి, రెండు కొండలే దాన్ని లాగి ఉండొచ్చు.

మెమోరియల్_పీహెచ్‌డీ: అలా జరుగుతుంది మాస్టారూ. ఒక్క ఒంటరి కొండ గీతను దక్షిణానికి లాగేయగలదు. దాన్ని విడిగా చూపించి మిగతా చోట గీతను పైకి జరపాలా అన్న దాని మీద మా ల్యాబ్‌లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేను జరపొద్దనే వైపు ఉన్నాను, ఎందుకంటే ఆ కొండ వెచ్చటి నీళ్లలో వేగంగా విరుగుతుంది, విరిగిన ముక్కలు ఏ మ్యాపులోనూ ఉండవు. మా సీనియర్ మాత్రం ఒప్పుకోరు.