వీపీఎన్, ప్రాక్సీ, టోర్: నా అవసరానికి ఏది సరిపోతుంది?

నేను ఏ సైట్లు చూస్తున్నానో నా ఇంటర్నెట్ సంస్థకు తెలియకూడదు, అలాగని వీడియో కాల్స్ తడబడకూడదు. బ్రౌజర్‌లో సాక్స్5 ప్రాక్సీ పెట్టి చూస్తే వేగం బాగానే ఉంది గానీ, డీఎన్‌ఎస్ పరీక్షలో ఆ సంస్థ సర్వరే కనిపించింది; అంటే సైట్ల పేర్లు ఇంకా బయటపడుతున్నాయన్నమాట. ఫైర్‌ఫాక్స్‌లో `Proxy DNS when using SOCKS v5` ఎంచుకున్నాక ఆ లోపం పోయింది, అయితే మిగతా యాప్‌లు ఇప్పటికీ నేరుగానే వెళుతున్నాయి. టోర్ మూడు రిలేల గుండా పంపుతుంది కనుక ఆలస్యం తప్పదు. పైగా యూడీపీని మోయదు కాబట్టి కాల్స్‌కు పనికిరాదు. వీపీఎన్ అన్ని యాప్‌లనూ కప్పుతుంది గానీ, నమ్మకాన్ని ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మార్చినట్లే కదా. రోజువారీ పనికి వీపీఎన్, గోప్యత ముఖ్యమైన వెతుకులాటకు మాత్రం టోర్ బ్రౌజర్ వాడితే సరిపోతుందా? వీపీఎన్ ఆన్‌లో ఉండగానే టోర్ తెరవడం మేలా, అనవసర ఆలస్యమా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.