అగ్రిమెంటు ఫోటోలో బల్ల, బొటనవేలు, నీడ పోవడం లేదు, ఎట్ల తీసేది?

కొర్లగుంట వాసి: పొద్దున్నించి ఇదే పని. ఒక కాగితాన్ని ఫోటో తీసినాను. చుట్టూ బల్ల కనిపిస్తా ఉంది, ఒక పక్క వేలు ఉంది, పైనించి కిందిదాకా నీడ. క్రాప్ చేస్తే ఒకవైపు బల్ల పోతుంది, ఇంకోవైపు అక్షరాలు తెగిపోతున్నాయి. తిప్పి చూసినా అంతే. ఫోన్లో స్కాన్ యాప్ మూలలు తానే పట్టుకుంటుందన్నారు, అదేమో బల్ల అంచును పట్టుకుంటా ఉంది. ఎవరైనా చెప్పండబ్బా.

నోటరీ గుమస్తా: జిరాక్స్ షాపులో స్కాన్ చేయించు. అయిపోతుంది.

కొర్లగుంట వాసి: కాగితం నా దగ్గర లేదన్నా. ఇంటి ఓనరుది, ఆయన చిత్తూరులో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఫోటో ఒక్కటే ఉంది.

గ్రీమ్స్‌పేట డీటీపీ: ఇది మొదటే చెప్పాల్సింది. క్రాప్‌తో ఇది కాదు తమ్ముడూ. ఫోన్ వంచి పట్టుకుంటే దగ్గరున్న అంచు పెద్దదిగా, దూరం అంచు చిన్నదిగా పడుతుంది. ఎంత తిప్పినా నాలుగు అంచులూ ఒకేసారి నిలువుగా, అడ్డంగా రావు. నాలుగు మూలలనూ లాగి దీర్ఘచతురస్రం చేయాలి. జింప్ అనే ఫోటో ప్రోగ్రాములో Perspective టూల్ తీసుకొని, Direction దగ్గర Corrective (Backward) పెట్టు. గీతల చట్రాన్ని కాగితం మూలల మీద కూర్చోబెట్టి Transform నొక్కు. తర్వాత సైజును ఏ4కు, అంటే 1654×2339కు మార్చు.

కొర్లగుంట వాసి: కింద ఎడమ మూల బొటనవేలి కింద ఉంది. అక్కడ చట్రాన్ని ఎక్కడ పెట్టేది?

గ్రీమ్స్‌పేట డీటీపీ: సుమారుగా పెట్టు, కళ్ళకు తెలుస్తుంది.

టెర్మినల్‌వాలా: సుమారు వద్దు. మూల కనిపించకపోయినా దాన్ని చేరే రెండు అంచులూ కనిపిస్తున్నాయి కదా. ఎడమ అంచు మీద రెండు చుక్కలు, కింది అంచు మీద రెండు చుక్కలు తీసుకొని గీతలు పొడిగించు, కలిసిన చోటే మూల. చుక్కలు ఒకదానికొకటి దూరంగా ఉండాలి. దగ్గరగా తీసుకుంటే చిన్న తప్పు చివరికి పెద్దదవుతుంది. ముందు ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాము పెట్టుకొని, టెర్మినల్‌లో `magick agr.jpg -auto-orient up.png` కొట్టు, agr.jpg అంటే నీ ఫోటో. లేకపోతే ఫోన్ ఫోటో ఒక ప్రోగ్రాములో నిలువుగా, ఇంకోదాంట్లో పడుకొని కనిపిస్తుంది, కొలతలన్నీ తారుమారవుతాయి. up.pngని పెయింట్‌లో తెరిచి మౌస్ పెడితే కింద అంకెలు కనిపిస్తాయి. అవి ఇక్కడ పెట్టు.

పాత ఫోటోలు: నాదీ ఇదే సమస్యండీ. లావు పుస్తకం తెరిచి పేజీ తీస్తే మధ్యలో వరుసలు వంగిపోతున్నాయి. నాలుగు మూలలూ సరిగ్గానే పెట్టాను.

టెర్మినల్‌వాలా: మీది వేరే సమస్య. నాలుగు మూలల లెక్క చదునుగా ఉన్న కాగితానికే పనిచేస్తుంది. పేజీ వంగితే ఆ వంపు అట్లాగే మిగిలిపోతుంది.

కొర్లగుంట వాసి: ఎడమ అంచు మీద 320,600, 250,3400. కింది అంచు మీద 700,3740, 2500,3830. మిగతా మూలలు: పైన ఎడమ 330,200, పైన కుడి 2540,250, కింద కుడి 2640,3837.

టెర్మినల్‌వాలా: ఎడమ అంచు 2800 పిక్సెళ్ళు దిగేసరికి 70 ఎడమకు జరిగింది. కింది అంచు 1800 కుడికి పోయేసరికి 90 దిగింది. రెండూ పొడిగిస్తే 242,3717 దగ్గర కలుస్తాయి. అదే నీ బొటనవేలి కింద మూల. ఇంతకీ కాగితం ఏ సైజు?

కొర్లగుంట వాసి: మామూలు కాగితమే. అన్న చెప్పినట్లు ఏ4 పెట్టి చూసినా, నిటారుగానే వచ్చింది. కానీ అక్షరాలు పొట్టిగా అయినాయి, గుండ్రని సీలు కోడిగుడ్డు మాదిరి పడుకొని ఉంది.

నోటరీ గుమస్తా: బాడుగ అగ్రిమెంటా? పచ్చ కాగితమా?

కొర్లగుంట వాసి: అవును, లేత పచ్చది.

నోటరీ గుమస్తా: అది లీగల్ పేపరు. ఏ4 కాదు.

టెర్మినల్‌వాలా: సీలు గుండ్రంగా ఉందంటే కొలబద్ద దొరికినట్లే. ఏ4గా వచ్చిన బొమ్మలో సీలు వెడల్పు, ఎత్తు కొలువు.

కొర్లగుంట వాసి: వెడల్పు 250, ఎత్తు 215.

టెర్మినల్‌వాలా: అయితే ఎత్తు 2339 కాదు, 2339ని 250తో గుణించి 215తో భాగించినంత, అంటే 2720. దాన్ని 1654తో భాగిస్తే 1.64. లీగల్ 8.5 అంగుళాలకు 14, అంటే 1.65. సరిపోయింది. అంగుళానికి 200 చుక్కల లెక్కన 1700×2800 పెట్టు:

```
magick up.png -define distort:viewport=1700x2800+0+0 -distort Perspective "330,200 0,0 2540,250 1700,0 2640,3837 1700,2800 242,3717 0,2800" +repage -shave 12x12 page.png
```

చివర `-shave` చుట్టూ 12 పిక్సెళ్ళు కోస్తుంది. కాగితం అంచు ఎప్పుడూ గీత గీసినట్లుండదు, అది లేకపోతే సన్నగా బల్ల రంగు మిగిలిపోతుంది.

గ్రీమ్స్‌పేట డీటీపీ: 1.64 అంటే ఫుల్‌స్కేప్ కూడా కావచ్చు, 8కి 13 అయితే 1.625. సీలు కొలతలో మూడు పిక్సెళ్ళు అటూ ఇటూ అయితే రెండింటికీ తేడా తెలీదు.

టెర్మినల్‌వాలా: నిజమే. తేడా నూటికి ఒకటిన్నర పాళ్ళలోపే, కంటికి ఆనదు. కచ్చితంగా కావాలంటే ఓనరు స్కేలుతో కొలిచి చెప్పాలి.

కొర్లగుంట వాసి: సీలు గుండ్రంగా వచ్చేసింది! బల్ల పోయింది. నీడ?

గ్రీమ్స్‌పేట డీటీపీ: జింప్‌లో page.png తెరిచి లేయర్‌ని డూప్లికేట్ చెయ్యి. పైదానికి Gaussian Blur 60 ఇచ్చి మోడ్ Divide పెట్టు. మసక లేయర్‌లో నీడ మాత్రమే మిగులుతుంది, దానితో భాగిస్తే నీడ కొట్టుకుపోతుంది. ఇది క్రాప్ అయినాకే చెయ్యాలి. బల్ల ఉండగానే చేస్తే దాని నలుపు మసకలో కలిసి, అంచుల దగ్గర అక్షరాలు తెల్లబడి వెలిసిపోతాయి.

నోటరీ గుమస్తా: అట్ల చేస్తే పచ్చరంగు పోయి తెల్ల కాగితం అవుతుంది. ఎవరైనా ఇది లీగల్ పేపరేనా అంటారు.

గ్రీమ్స్‌పేట డీటీపీ: పోతుంది, ఒప్పుకుంటా. పైలేయర్‌ని ముందు Desaturate చేస్తే వెలుతురు మాత్రమే సరి అయి, పచ్చ కొంచెం నిలుస్తుంది. ఇంకోటి, వేలిముద్ర ఉందా? ఇంకు దట్టంగా ఉంటే మసక దాన్ని కూడా నీడే అనుకుంటుంది, మధ్యలో వెలిసిపోతుంది. అట్లయితే పైలేయర్‌లో ఆ చోటు మీద మెత్తని ఎరేజర్ తిప్పు.

కొర్లగుంట వాసి: సరే. మరి వేలు? మూల దగ్గర కాగితం మీద ఇంకా ఉంది. క్లోన్ టూల్‌తో తుడిచేస్తా.

నోటరీ గుమస్తా: ఆగు. ప్రతి పేజీ కింద సంతకం ఉంటుంది. అది వేలి కింద ఉంటే నువ్వు తుడిచేది సంతకం చోటు. రేపు అసలు కాగితం పక్కన పెట్టి చూసినోడు దిద్దినారు అంటాడు.

గ్రీమ్స్‌పేట డీటీపీ: ఖాళీ మార్జిన్ అయితే తుడిస్తే ఏమయింది?

నోటరీ గుమస్తా: ఖాళీ అని నీకెట్ల తెలుసు? వేలి కింద ఏముందో చూసినావా?

టెర్మినల్‌వాలా: ఇద్దరూ తగ్గండి. వేలు ఉండనీ, పేజీ చదవగలిగితే చాలు. ఓనరు ఫోన్ ఎత్తితే ఇంకో ఫోటో అడుగు. ఈసారి ముదురు రంగు దుప్పటి మీద పెట్టి, కిటికీ పక్కన, రెండింతలు జూమ్ చేసి కాస్త ఎత్తునించి తీయమను. ముదురు బట్ట మీదైతే యాప్ మూలలు తానే పట్టుకుంటుంది, ఎత్తునించి తీస్తే ఫోన్ నీడ కాగితం మీద పడదు.

కొర్లగుంట వాసి: వేలు ఉంచే పంపేసినా. థాంక్స్ అన్నా.

పాత ఫోటోలు: మరి వంగిన పేజీకి ఏం చేయాలండీ?