ఎంబెడింగ్ స్కోరు 0.9 వస్తే మెషీన్ రాసినట్టేనా?

అడిగినవారు: కిరణజన్య సంయోగక్రియ మీద ఒకే ప్రశ్న ఇచ్చి 60 మంది చేత వ్యాసం రాయించాను. అదే ప్రశ్నకు చాట్‌బాట్‌ల దగ్గర 40 జవాబులు తీసి దాచుకున్నాను. ఎవరు చాట్‌బాట్ వాడారో పట్టుకుందామని, ప్రతి వ్యాసాన్నీ paraphrase-multilingual-MiniLM-L12-v2 అనే మోడల్‌తో ఎంబెడింగ్‌గా, అంటే అర్థాన్ని సూచించే అంకెల వరుసగా, వెక్టర్‌గా మార్చి, ఆ 40లో దేనికి ఎక్కువ దగ్గరగా ఉందో కొసైన్ స్కోరు చూశాను; 1కి దగ్గరైతే అంత పోలిక ఉన్నట్టు. 51 మందికి 0.85 దాటింది. నా ఎదురుగా కూర్చుని చేత్తో రాసిన అమ్మాయికి కూడా 0.91! రేపు మార్కులు వేయాలి, టెన్షన్‌గా ఉంది.

ఒకరు: 0.85 చాలా తక్కువండీ. 0.93 పెట్టండి, సరిపోతుంది.

మరొకరు: అంకె పెంచితే పట్టుబడేవాళ్లు తగ్గుతారు, అంతే. ఆ వెక్టర్ దేని గురించి రాశారో చెబుతుంది, ఎవరు రాశారో చెప్పదు. ప్రశ్న ఒకటే అయినప్పుడు అందరూ దగ్గరగానే ఉంటారు. పైగా దాచుకున్న జవాబులు పెరిగేకొద్దీ, మనిషి రాసినదానికీ వాటిలో ఏదో ఒకటి దగ్గరగా తగులుతుంది. ఇదే ప్రశ్నకు 2022 నవంబరుకు ముందు, అంటే చాట్‌జీపీటీ రాకముందు, రాసిన వ్యాసాలు ఉన్నాయా? వాటినీ ఇలాగే కొలవండి.

ఇంకొకరు: మా దగ్గర పిల్లలు వాక్యాలు మార్చే టూల్ వాడుతున్నారు. అలాంటప్పుడు ఈ పద్ధతి అసలు పనికిరాదు కదా?

మరొకరు: నిజానికి అక్కడే ఇది బాగా నిలబడుతుంది. మాటలు మారినా అర్థం అదే కాబట్టి వెక్టర్ పెద్దగా కదలదు. కానీ మార్చకముందు వచ్చిన అసలు జవాబు మన దగ్గర ఉండాలి. అది చాట్‌బాట్ నడిపే సంస్థ దగ్గర ఉండొచ్చు. మనం తీసుకున్న 40లో పిల్లవాడికి వచ్చిన జవాబు ఉండదుగా.

అడిగినవారు: పాత వ్యాసాలు 22 దొరికాయి. వాటికీ 0.79 నుంచి 0.92 దాకా వచ్చింది! ఇంకోటి చూశాను:

```
model.max_seq_length
128
```

మరొకరు: అయితే మొదటి 128 టోకెన్ల, అంటే మాటల ముక్కల, తర్వాతది ఆ మోడల్ చదవనే లేదు. తెలుగు మాట ఒక్కోటి చాలా ముక్కలవుతుంది కాబట్టి, మీరు పోల్చినవి మొదటి పేరాలే. అందులో అందరూ ప్రశ్ననే తిరగరాస్తారు.

అడిగినవారు: పేరాలుగా విడగొట్టి మళ్లీ చూశాను. స్కోర్లు తగ్గాయి, కానీ పాతవీ కొత్తవీ ఇంకా కలిసిపోయే ఉన్నాయి. ఒకబ్బాయి పత్రహరితం ఆకుపచ్చ కాంతినే ఎక్కువగా పీల్చుకుంటుందని తప్పు రాశాడు. సరైన జవాబుతో అతని పేరాకు 0.94!

మరొకరు: అవును, ఒక్క మాటతో అర్థం తిరగబడినా ఈ స్కోరుకు చాలాసార్లు తెలియదు. ఈ అంకె చూసి ఎవరికీ మార్కులు తగ్గించకండి, దయచేసి. అనుమానం ఉన్నవాళ్లను పిలిచి వాళ్ల పేరా వాళ్లచేతే వివరింపజేయండి.

ఒకరు: పొడవైన పాఠం చదివే పెద్ద మోడల్ వాడితేనో?

మరొకరు: కోత సమస్య పోతుంది. పాతవీ కొత్తవీ విడిపోతాయా అన్నది ఆ 22 వ్యాసాల మీద కొలిచాకే చెప్పగలం.