“పేమెంట్ స్టాప్డ్ బై డ్రాయర్” అంటే ఆపించింది ఎవరు?

పలాస జీడిపప్పు వ్యాపారి: రాజాంలోని ఒక దుకాణదారు ఇచ్చిన 1,80,000 రూపాయల చెక్కును మా బ్యాంకులో వేయగా, జూన్ 6న రిటర్న్ మెమోతో తిరిగి వచ్చింది. కారణం దగ్గర “పేమెంట్ స్టాప్డ్ బై డ్రాయర్” అని ఉంది. డబ్బు డ్రా చేసుకునేవాడే డ్రాయర్ అనుకుంటే, ఆపమన్నది నేనే అయినట్టుంది. దీన్ని ఎలా చదవాలి?

బొబ్బిలి ఉపాధ్యాయురాలు: చెక్కు రాసి సంతకం పెట్టిన ఖాతాదారునే డ్రాయర్ అంటారండీ. “చెక్కు ఇచ్చినవారు చెల్లింపు ఆపించారు” అని చదువుకోండి.

నరసన్నపేట సభ్యుడు: మా బావగారు ఇచ్చిన చెక్కు సంతకం తేడా అని వెనక్కి వస్తే, ఇంకొకటి రాయించుకున్నాం, తేలిపోయింది. మీరూ అలాగే చేయండి.

శ్రీకాకుళం కిరాణా వర్తకుడు: అది వేరు, ఇది వేరు. ఖాతాలో డబ్బు చాలక తిరిగి వస్తేనే, చెక్కు బౌన్సులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు నడుస్తుంది. కావాలని ఆపిస్తే సివిల్ దావా తప్ప దారి లేదు.

విజయనగరం విశ్రాంత బ్యాంకు అధికారి: సెక్షన్‌లో రాసి ఉన్నది మీరన్నట్టే ఉంటుంది గానీ, చెల్లింపు ఆపించిన చెక్కులకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. అయితే ఖాతాలో సరిపడా డబ్బు ఉందనీ, సరుకులో లోపం వంటి సరైన కారణంతోనే ఆపించాననీ నిరూపించుకునే అవకాశం అవతలివారికి ఉంటుంది. అందుకే పలాస వారిని ముందుగా అడుగుతున్నాను: సరుకు మీద పేచీ ఏమైనా ఉందా?

పలాస జీడిపప్పు వ్యాపారి: ఉందండీ. గుండు పప్పు డబ్బాల్లో బద్ద కలిసిందని ఫోన్‌లో అన్నారు గానీ, డబ్బాలు తిప్పి పంపలేదు. పాత బాకీతో కలిపి నాకు 2,05,000 రావాలి.

విజయనగరం విశ్రాంత బ్యాంకు అధికారి: అయితే బిల్లు, సరుకు అందినట్టు సంతకం ఉన్న కాగితం, ఆ డబ్బాల గురించి వచ్చిన సందేశాలు మెమోతో పాటు దాచండి. మెమో అందిన 30 రోజుల్లోగా, అంటే జులై 6 లోపల, వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో చెక్కు మొత్తం 1,80,000నే స్పష్టంగా అడగండి. పాత బాకీని కలిపి ఒకే అంకెగా వేస్తే నోటీసే చెల్లదని వాదిస్తారు. నోటీసు ఆయనకు జూన్ 18న అందిందనుకుంటే, చెల్లించడానికి జులై 3 వరకు 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ ఇవ్వకపోతే, ఆ తరువాత నెల లోపల ఫిర్యాదు వేయాలి. అది మీ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు గనుక రాజాం తిరగనక్కరలేదు.

శ్రీకాకుళం కిరాణా వర్తకుడు: ఇదంతా ఎందుకు, మళ్లీ ఒకసారి బ్యాంకులో వేసి చూడవచ్చుగా?

విజయనగరం విశ్రాంత బ్యాంకు అధికారి: చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల లోపల వేయవచ్చు. డబ్బు చాలక తిరిగి వచ్చిన చెక్కుకు అది పనికొస్తుంది. ఆపమన్న ఆదేశాన్ని ఆయనే వెనక్కి తీసుకోకపోతే దీనికి మళ్లీ అదే మెమో వస్తుంది.

బొబ్బిలి ఉపాధ్యాయురాలు: బద్ద కలిసిన మాట నిజమే అయితే, నోటీసుకు ముందే కొంత తగ్గించుకుని కొత్త చెక్కు తీసుకోవడం మేలు కాదా?

పలాస జీడిపప్పు వ్యాపారి: తగ్గిస్తే లోపం ఒప్పుకున్నట్టు అవుతుందని మా అబ్బాయి అంటున్నాడు. సోమవారం వకీలును అడుగుతాను.