కార్డ్ తీసేసి ఎండ్ స్క్రీన్ ఒక్కటే ఉంచితే మేలా?

మెట్లదారి, తిరుపతి
అలిపిరి నుంచి నడిచి పోయేవాళ్ల కోసం చేసిన యూట్యూబ్ వీడియో. లగేజీ ఎక్కడ ఇవ్వల్ల, ఎన్నింటికి బయల్దేరల్ల, దారిలో ఏముంటాయి అనేది విషయం. నిడివి 8 నిమిషాలు, 10,000 వ్యూస్. ఎండ్ స్క్రీన్ క్లిక్ రేటు 3 శాతం, 2:10 దగ్గర పెట్టిన కార్డ్ టీజర్‌కు 0.9 శాతం. రెండూ మా శ్రీవారి మెట్టు వీడియోకే పోతాయి. కార్డ్ తీసేస్తే జనం చివరిదాకా ఉంటారంటారు కొందరు. తీసేయాలా, ఉంచాలా?

గాంధీరోడ్డు ఎడిటర్
తీసేయ్ అన్నా. రెండో నిమిషంలోనే మనమే తలుపు తెరిచి పొమ్మంటే రిటెన్షన్ ఎట్లా నిలుస్తుంది? 3 శాతం పెద్దదా, 0.9 పెద్దదా? లెక్క కళ్ల ముందే ఉంది కదా. కార్డ్ పెట్టే తీరాలనుకుంటే 7:45 దగ్గర పెట్టు, అప్పటికి వీడియో అయిపోయినట్టే. ఎండ్ స్క్రీన్‌లో కూడా Best for viewer ఒక్కటి పెట్టి వదిలెయ్. ఎవరికి ఏది నచ్చుతుందో యూట్యూబ్‌కే బాగా తెలుసు.

కపిలతీర్థం
7:45 దగ్గర పెడితే ఆ కార్డ్ ఎవరికీ కనపడదు. ఎండ్ స్క్రీన్ మొదలయ్యాక కార్డ్ టీజర్ రాదు.

ఆ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి చూడకూడదు. 3 శాతం అనేది చివరిదాకా మిగిలినవాళ్ల మీద లెక్క. 0.9 అనేది 2:10 దగ్గర ఉన్నవాళ్ల మీద లెక్క, వాళ్లు చాలా జాస్తి. పైగా ఎండ్ స్క్రీన్‌లో మూడు ఎలిమెంట్లు ఉంటే ఒక్క మనిషి చూసినా మూడుసార్లు చూపించినట్టు లెక్క పడుతుంది. Subscribe బటన్ తీసేస్తే ఒక్క క్లిక్కూ పెరక్కుండానే శాతం పెరుగుతుంది. దాన్ని చూసి సంతోషపడేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

మెట్లదారి గారూ, శాతాలు వద్దు, విడి అంకెలు కావాలి. ఈ వీడియో అనలిటిక్స్‌లో Advanced mode తెరిచి End screen element కింద ఒక్కోదానికీ ఎన్నిసార్లు చూపించారు, ఎన్ని క్లిక్కులు అనేది రాయండి. Card కింద కూడా అంతే. తర్వాత శ్రీవారి మెట్టు వీడియోకు పోయి, Advanced mode లో Traffic source తెరిచి, End screens మీద నొక్కితే ఏ వీడియో నుంచి వచ్చారో జాబితా వస్తుంది. అలిపిరి వీడియో వరసలో సగటు వీక్షణ సమయం చూడండి. Video cards and annotations మీద కూడా అదే పని చేయండి. రిటెన్షన్ గ్రాఫ్‌లో 2:10, 2:30, 7:20, 7:40 దగ్గర శాతాలు కావాలి.

చిత్తూరు కథలు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మీరంతా ఎండ్ స్క్రీన్ క్లిక్కులు లెక్కపెడతా ఉండారు, నాకు అసలు ఆ బటనే రావడంలేదు. పిల్లల కథల ఛానల్. కార్డూ పెట్టనీదు. నిడివి చాలదేమో అనుకొని పెంచి చూసినా అంతే. నా ఛానల్‌కేమన్నా జబ్బు పట్టిందా?

కపిలతీర్థం
జబ్బేం లేదక్కా. వీడియోకు పిల్లల కోసం అని గుర్తు పెట్టుంటారు. ఆ గుర్తున్న వీడియోలకు కార్డ్, ఎండ్ స్క్రీన్ రెండూ ఉండవు. నిడివి సంగతైతే 25 సెకన్లు దాటితే చాలు, అది మీకు అడ్డు కాదు. నిజంగానే పిల్లల కథలైతే క్లిక్కుల కోసం గుర్తు మార్చొద్దు, అది నిబంధనకు విరుద్ధం. కథలను వరసగా ప్లేలిస్ట్‌లో పెట్టి, ఆ ప్లేలిస్ట్ లింకునే అందరికీ పంపండి. ఒకటి అయిపోతే రెండోది దానంతట అదే వస్తుంది.

మెట్లదారి, తిరుపతి
ఇవిగోండి.

ఎండ్ స్క్రీన్: శ్రీవారి మెట్టు వీడియో 1,400 సార్లు చూపించి 84 క్లిక్కులు. Best for viewer 1,400 కు 28. Subscribe 1,400 కు 14.
కార్డ్: టీజర్ 5,200 సార్లు కనపడింది, టీజర్ క్లిక్కులు 47, లోపల వీడియో మీద క్లిక్కులు 31.
రిటెన్షన్: 2:10 దగ్గర 52, 2:30 దగ్గర 47, 7:20 దగ్గర 22, 7:40 దగ్గర 14 శాతం. సగటు వీక్షణ 3:10.
శ్రీవారి మెట్టు వీడియో నిడివి 6 నిమిషాలు. అలిపిరి వీడియో ఎండ్ స్క్రీన్ నుంచి వచ్చినవాళ్లు సగటున 2:05 చూశారు, కార్డ్ నుంచి వచ్చినవాళ్లు 3:40.

గాంధీరోడ్డు ఎడిటర్
చూశారా! 2:10 కి 52, 2:30 కి 47. కార్డ్ వచ్చిన చోటే పడింది గ్రాఫ్. ఇంకేం సాక్ష్యం కావాలి?

కపిలతీర్థం
10,000 లో 5 శాతమంటే 500 మంది. కార్డ్ నొక్కి వెళ్లినవాళ్లు 31. మిగిలిన 470 మంది ఎక్కడికి పోయినట్టు? మెట్లదారి గారూ, ఆ 2:10 దగ్గర వీడియోలో ఏం నడుస్తోంది?

మెట్లదారి, తిరుపతి
అలిపిరి లగేజీ కౌంటర్ ఎక్కడుందో చూపించేది అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత, మెట్లు ఎక్కువనిపిస్తే శ్రీవారి మెట్టు దారి ఉంది అని ఒక మాట చెప్పి కార్డ్ వచ్చేలా పెట్టినాం.

కపిలతీర్థం
అదే సంగతి. లగేజీ కోసం వెతుక్కుంటూ వచ్చినవాడికి జవాబు దొరికింది, లేచి వెళ్లిపోయాడు. కార్డ్ తీసేసినా ఆ 470 మంది వెళ్లేవాళ్లే.

ఆ 31 మంది వెళ్లడంతో ఎంత పోయిందో చూద్దాం. మీ గ్రాఫ్ ప్రకారం 2:10 దాటినవాళ్లు సగటున ఇంకో 3 నిమిషాల 24 సెకన్లు చూస్తారు. 31 మందికి సుమారు 105 నిమిషాలు. వీడియో మొత్తం వీక్షణ సమయం 31,000 నిమిషాల పైన ఉంది కాబట్టి కార్డ్ తీసేస్తే మీ సగటు అర సెకను పైచిలుకు పెరుగుతుంది, అంతే. ఇటు వాళ్లే శ్రీవారి మెట్టు వీడియోలో 31 ఇంటూ 3:40, అంటే 114 నిమిషాలు చూశారు. పోయింది 105, వచ్చింది 114. సరికి సరి అనుకోండి. కార్డ్ మీద ఇంత పోట్లాట అక్కర్లేదు.

ఈ అంకెల్లో అసలు చూడాల్సింది వేరే ఉంది. ఒకే వీడియోకు రెండు చోట్ల నుంచి పంపారు. కార్డ్ నుంచి పోయినవాళ్లు 3:40 కూర్చున్నారు, ఎండ్ స్క్రీన్ నుంచి పోయినవాళ్లు 2:05 కే లేచారు. ఎందుకంటే 2:10 దగ్గర మనిషి ఇంకా ఏ దారిన ఎక్కాలా అని ఆలోచిస్తున్నాడు. అలిపిరి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. అప్పుడు రెండో దారి వీడియో అతనికి పనికొస్తుంది. 7:40 దాకా ఉన్నవాడు అలిపిరి అని తేల్చుకున్నాడు. అతనికి మళ్లీ శ్రీవారి మెట్టు చూపిస్తే పేరు చూసి నొక్కుతాడు, ఇది మనకు కాదులే అని రెండు నిమిషాలకే వెళ్తాడు. అతనికి కావాల్సింది కొండ ఎక్కిన తర్వాత సంగతి: లగేజీ ఎక్కడ తీసుకోవాలి, స్నానం ఎక్కడ, క్యూ ఎటు.

కాబట్టి కార్డ్‌ను ఉన్నచోటే ఉంచండి. ఎండ్ స్క్రీన్‌లో వీడియో మార్చండి. క్లిక్కులు 84 నుంచి 60 కి తగ్గినా భయపడొద్దు. ఆ 60 మంది నాలుగు నిమిషాలు చూస్తే 240 అవుతుంది. ఇప్పుడు 84 మంది చూసేది 175.

గాంధీరోడ్డు ఎడిటర్
కార్డ్ సంగతి ఒప్పుకుంటా. కానీ వీడియో మార్చే బదులు Best for viewer పెడితే ఈ తలనొప్పే ఉండదు కదా. రేపు ఆ కొండమీది వీడియో పాతబడితే మళ్లీ మార్చల్ల.

కపిలతీర్థం
ఈ వీడియోలోనే అది 28 క్లిక్కులు, మీరు ఎంచిన వీడియో 84. అయితే పేరు పెట్టి ఎంచినదాన్ని నోటితో చెప్పారు, Best for viewer గురించి చెప్పలేదు. అందుకని ఇది న్యాయమైన పోటీ కాదు. వంటలు, హాస్యం లాంటి ఛానల్‌కు మీ మాట నిజం కావచ్చు.

మామిడితోట, చిత్తూరు
ఇద్దరూ 7:20 ని వదిలేశారు. అక్కడ 22, ఇరవై సెకన్లకే 14. ఎనిమిది వందల మంది ఎండ్ స్క్రీన్ కనపడక ముందే పోయారు. ఆ ఇరవై సెకన్లలో ఏముందో చూడకుండానే చెప్పగలను. “ఇదండీ ఈనాటి వీడియో, నచ్చితే లైక్ కొట్టండి.” ఆ మాట వినపడగానే వేలు వెనక్కి నొక్కుతుంది.

ఎండ్ స్క్రీన్ చివరి 5 నుంచి 20 సెకన్లలోనే పెట్టనిస్తారు, అంతకన్నా ముందుకు జరపలేం. జరపాల్సింది మాటను. చివరి చిట్కా ఒకటి దాచిపెట్టుకుని దాన్ని ఆ ఇరవై సెకన్లలోనే చెప్పాలి. “పైకి చేరాక లగేజీ తీసుకునేదానికి చీటీ కావల్ల, ఆ కౌంటర్ ఎక్కడో ఈ వీడియోలో చూడండి” అని మాట ముగిసేసరికి పెట్టె తెర మీద ఉండాలి. వీడ్కోలు వద్దే వద్దు.

పాత వీడియోకైతే స్టూడియో ఎడిటర్‌లో 7:20 నుంచి 7:40 దాకా కోసేయొచ్చు. లక్ష వ్యూస్ దాటి, ఛానల్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేకపోతే ఆ మార్పు సేవ్ కాకపోవచ్చు, మీకు ఆ బాధ లేదు. కోసిన తర్వాత కార్డ్, ఎండ్ స్క్రీన్ సమయాలు తప్పకుండా మళ్లీ సరిచూసుకోండి.

కపిలతీర్థం
మంచి మాట. ఒక్క సవరణ. ఆ 800 లో సగం మంది నిలబడినా వాళ్లు మిగతావాళ్లలా 6 శాతం నొక్కుతారనుకోవద్దు. వెళ్లబోతున్నవాళ్లను ఆపాం, వాళ్ల ఆసక్తి తక్కువే. క్లిక్ శాతం కాస్త తగ్గి, క్లిక్కుల సంఖ్య పెరిగితే పని జరిగినట్టే.

మెట్లదారి, తిరుపతి
ఒక వీడియో బదులు ప్లేలిస్ట్ పెడితే? కొండమీది లగేజీ, గదులు, క్యూ, లడ్డూ కౌంటర్ అని యాత్ర వరసలోనే ఉంది మాకు.

మామిడితోట, చిత్తూరు
పెట్టు. ఒక క్లిక్కుకు నాలుగు వీడియోలు.

కపిలతీర్థం
నేనైతే ఇప్పుడే పెట్టను. ప్లేలిస్ట్ పెట్టెను చూసి లోపల ఏముందో తెలియక తటపటాయిస్తారు, ఒక వీడియో బొమ్మ అయితే ఇది లగేజీ అని తెలిసిపోతుంది. పైగా తర్వాతి వీడియోల వ్యూస్ Playlists కింద కలిసిపోతే, ఈ ఎండ్ స్క్రీన్ వల్ల ఎన్ని వచ్చాయో విడదీయడం కష్టం.

మామిడితోట, చిత్తూరు
లెక్క కుదరదని జనాన్ని ఆపుతామా? నాకైతే ఒప్పుబాటు కాలేదు.

గాంధీరోడ్డు ఎడిటర్
ఏది చేసినా అన్నీ ఒకేసారి మార్చొద్దన్నా. ముందు వీడియో మార్చు, 28 రోజులు చూడు, తర్వాత కోత. ఆ 28 రోజుల్లో పెరటాసి నెల రాకుండా చూసుకో. ఆ శనివారాల్లో తమిళనాడు జనం దండిగా వస్తారు, సెర్చ్ నుంచి వచ్చి బొమ్మ చూసి పోయేవాళ్లే జాస్తి, రిటెన్షన్ దానంతట అదే పడుతుంది. ఎండ్ స్క్రీన్ చెడిందనుకొని మళ్లీ వెనక్కి మార్చుకుంటావు.