సెన్సేయికి చిన్న ఉత్తరం: ముందు ఋతువు వాక్యం రాయాలా, వద్దా?

లావణ్య:
నమస్కారమండి. నేను జపాన్ ఉత్తరాన ఉన్న సప్పోరోలో ఒక ఏడాది జపనీస్ చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. మా సెన్సేయి, అంటే అక్కడి టీచర్, రాసిచ్చిన రికమెండేషన్ లెటర్ వల్ల నాకు ఉద్యోగం వచ్చింది. ఆవిడకి చేతిరాతతో ఒక చిన్న ఉత్తరం పంపాలని ఉంది, ఒక్క పేజీ కూడా నిండదు. ఆగస్టు 18న పోస్ట్ చేస్తాను. జపనీస్ ఉత్తరాల్లో ముందు ఋతువు గురించి ఒక వాక్యం రాస్తారు కదా, అందుకే మొదటి రెండు వాక్యాలు ఇలా రాసుకున్నాను: "హైకే. సేకా నో కో, సెన్సేయి ని ఒకారెమాషితె వా మసుమసు గోకెన్‌షో నో కొతో తో ఒయొరొకొబి మోషిఅగెమాసు. సెన్సేయి, ఒగెన్కి దెసు కా?" నమస్కారం, ఈ వేసవి వేళ మీరు మరింత ఆరోగ్యంగా ఉన్నారని సంతోషిస్తున్నాను, సెన్సేయి, బాగున్నారా అని అర్థం. ఒక పుస్తకంలో ఎండాకాలానికి ఇదే వాడాలని చూశాను. కరెక్టేనా?

ప్రసాద్:
మొదట నమస్కారంగా హైకే రాస్తే చివర ముగింపు మాటగా కేగు రాయాల్సిందే, అది జంట. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఉత్తరం మధ్యలో ఆగినట్టే. ఇక చిన్న ఉత్తరం అంటున్నారు కాబట్టి సులువైన దారి చెప్తాను. హైకేకి బదులు జెన్‌ర్యకు పెట్టండి. దాని అర్థమే ముందు మాటలు వదిలేస్తున్నాను అని, ఇక ఋతువు వాక్యం అక్కర్లేదు. చివర సోసో అని ముగించండి.

శారద:
ప్రసాద్ గారు చెప్పిన జంటల విషయం నిజమే. కానీ జెన్‌ర్యకు సెన్సేయికి వద్దు. మర్యాదలు పక్కన పెట్టి నేరుగా విషయంలోకి వస్తున్నానని చెప్పే మాట అది. స్నేహితుడికో, సమానంగా ఉన్నవాళ్లకో సరే. పెద్దవాళ్లకి, అందులోనూ మేలు చేసిన గురువుకి రాస్తే తొందరపాటులా కనిపిస్తుంది. ఋతువు వాక్యం వదిలేయాలనుకుంటే మాట్లాడకుండా వదిలేయొచ్చు, వదిలేస్తున్నానని ప్రకటించక్కర్లేదు.

లావణ్య గారూ, మీ రెండు వాక్యాల్లో మూడు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది, సేకా అంటే నడి వేసవి. అది జూలైకి చెందిన మాట. క్యాలెండర్ ప్రకారం ఆగస్టు 7 లేదా 8న రిష్షూ వస్తుంది, అంటే శరదృతువు మొదలు. ఆ రోజు దాటాక ఎండ ఎంత మండినా దాన్ని జన్షో, అంటే మిగిలిన ఎండ అనే పిలుస్తారు. మనవాళ్లు రోహిణి కార్తె వచ్చిందంటే తేదీ చూసే అంటారు కదా, థర్మామీటర్ చూసి కాదు. ఇదీ అంతే. మీరు 18న పోస్ట్ చేస్తే ఉత్తరం చేరేసరికి వారం పది రోజులు పడుతుంది, ఆగస్టు చివరి వారం అవుతుంది. వాక్యం చదివే రోజుకి సరిపోవాలి, రాసే రోజుకి కాదు.

రెండోది, ఊరు. పుస్తకాల్లో ఇచ్చే మాటలు ఎక్కువగా టోక్యో వైపు వాతావరణాన్ని బట్టి ఉంటాయి. ఆగస్టు ఆఖరుకి టోక్యోలో చెమటలు కారుతుంటే, సప్పోరోలో పొద్దున్నా సాయంత్రం చల్లగాలి మొదలవుతుంది. మీకే తెలుసు. అక్కడివాళ్లకి జన్షో అని రాసినా కొంచెం తేడాగానే ఉంటుంది.

మూడోది మీరు గమనించి ఉండరు. మొదటి వాక్యం కంపెనీ సర్క్యులర్‌లా బిర్రబిగిసి ఉంది, రెండోది పక్కింటివాళ్లని పలకరించినట్టుంది. "సేకా నో కో" లాంటి శైలి ఎంచుకుంటే చివరిదాకా ఆ బరువు మోయాలి. ఒక్క పేజీ ఉత్తరంలో అది కష్టం. చదివే ఆవిడకి మీ గొంతు వినిపించదు కూడా.

కిరణ్:
దీనికి సైజికి కొనుక్కోండి, హైకూ రాసేవాళ్లు వాడే ఋతుపదాల నిఘంటువు. ప్రతి నెలకీ వందల మాటలు ఉంటాయి. నా దగ్గర ఉన్నదాంట్లో తనబాతా నక్షత్రాల పండుగ గురించి చాలా అందమైన మాటలు ఉన్నాయి, జూలైలో రాసే ఉత్తరాలకి బాగుంటాయి.

శారద:
కిరణ్ గారూ, అది వేరే దారి అండి. హైకూలో తనబాతా శరదృతువు పదం, ఎందుకంటే ఆ లెక్క పాత చాంద్రమాన క్యాలెండర్‌ది. దాన్ని జూలై ఉత్తరంలో ఋతువు మాటగా పెడితే రెండు లెక్కలు కలిసిపోతాయి. ఉత్తరానికి కవిత్వం అక్కర్లేదు. కిటికీలోంచి చూస్తే కనిపించేది చాలు.

మీనాక్షి:
నా అనుభవం ఒకటి చెప్పాలి. మా సెన్సేయి ఆసుపత్రిలో చేరారని తెలిసి వెంటనే ఉత్తరం రాశాను. అప్పుడు ఏప్రిల్. అలవాటుగా పూలు విరగబూసే కాలం, మీరు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను అని మొదలుపెట్టాను. మంచం మీద ఉన్న మనిషికి పువ్వుల సంగతి, పైగా కులాసా! పోస్ట్ డబ్బాలో వేశాక గుర్తొచ్చింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. జబ్బు, చావు, క్షమాపణ, ప్రమాదం, వీటిలో ఏది ఉన్నా ఋతువు వాక్యం పూర్తిగా తీసేయండి. సంతాపం అయితే "కసనెగసనె", "తబితబి" లాంటి రెట్టించే మాటలు కూడా రాకుండా చూసుకోవాలి, దుఃఖం మళ్లీ మళ్లీ రావాలన్నట్టు వినిపిస్తుందని వాటిని తప్పిస్తారు.

లావణ్య:
అయ్యో, ఇది చదివాక టెన్షన్ వచ్చింది. మొదట్లో చెప్పలేదు, మా సెన్సేయికి పోయిన నెల మోకాలి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చేశారట. ఇప్పుడు ఏం చేయాలి?

శారద:
మంచిపని చేశారు చెప్పి. ఇంటికి వచ్చేశారు కాబట్టి అదే మీ మొదటి వాక్యం. "గోతైఇన్ నసత్త తో ఉకగాయి, అన్‌షిన్ ఇతషిమాషిత", అంటే డిశ్చార్జ్ అయ్యారని తెలిసి మనసు కుదుటపడింది. ఋతువు చేసే పనంతా ఇది చేసేసింది. విషయంలోకి ఒక్కసారిగా దూకకుండా ముందు మనిషిని పలకరించినట్టు అవుతుంది. దాని తర్వాత "ఒకవారి నకు" అని మాత్రం అడగకండి. ఏ మార్పూ లేకుండా బాగున్నారా అని అర్థం. ఆపరేషన్ అయినవాళ్లకి అది అతకదు.

ఒకవేళ ఆపరేషన్ మాట లేకపోయుంటే ఇలా రాయమనేదాన్ని: "సొచిర వా అసయూ సుజుషికు నత్త కొరో దెషో కా." అక్కడ ఉదయం సాయంత్రం చల్లబడి ఉంటుందేమో అని. మీరు హైదరాబాద్‌లో ఉండి సప్పోరో వాతావరణాన్ని ఖాయంగా చెప్పలేరు, అందుకే ప్రశ్నలా. దీనికి హైకే, కేగు రెండూ వద్దు. పైన సెన్సేయి పేరు రాసి నేరుగా మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత కృతజ్ఞత, ఉద్యోగం వార్త రెండు మూడు వాక్యాల్లో.

ప్రసాద్:
జెన్‌ర్యకు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఋతువు లేకుండా సెన్సేయికి ఉత్తరం అంటే నాకు బోసిగానే అనిపిస్తోంది. చివర్లోనైనా ఒక మాట పెట్టొచ్చు కదా?

శారద:
పెట్టొచ్చు. చిన్న ఉత్తరంలో నేను ఋతువుని ఒకచోటే ఉంచుతాను, పైనో కిందో. రెండుచోట్లా చల్లగాలి గురించే రాస్తే నాలుగు వాక్యాల్లో రెండు వాతావరణానికే పోతాయి. లావణ్య గారి ఉత్తరానికి కిందే నయం: "కిసెత్సు నో కవరిమె దెసు నొదె, దోజో గోజియాయి కుదసాయి." ఋతువు మారే సమయం, జాగ్రత్తగా ఉండండి అని. ముందు ఒళ్లు అని అర్థం వచ్చే "ఒకరద" చేర్చకండి, జియాయిలోనే ఒళ్లు చూసుకోవడం ఉంది.

మీనాక్షి:
శారద గారూ, ఇక్కడ నేను ఏకీభవించలేను. ఆపరేషన్ అయిన మనిషికి చివర్లో కూడా ఋతువు ఎందుకు? "ఇచినిచి మొ హయకు" అంటూ త్వరగా కోలుకోవాలని కోరుకుంటే చాలు.

శారద:
మీ మాటలో న్యాయం ఉంది. పరామర్శ ఉత్తరం అయితే నేనూ తీసేస్తాను. ఇది కృతజ్ఞత ఉత్తరం, ఆవిడ ఇంటికి వచ్చేశారు, అందుకే ఉంచొచ్చనిపించింది. ఇది లావణ్య గారికి ఆవిడతో ఉన్న చనువుని బట్టి.

లావణ్య:
సెన్సేయి రోజూ పొద్దున్నే నడిచేవారు, చల్లబడితే ఇంకా దూరం వెళ్లేవారు. ఇప్పుడు నడవలేకపోతున్నారు కదా, చలి గురించి రాస్తే అది గుర్తొస్తుందేమో. మీనాక్షి గారు చెప్పినట్టు కోలుకోవాలనే రాస్తాను. ఈ రాత్రే మంచి కాగితం మీద రాస్తాను.